సి గీత ముదురుగా వచ్చినా మలేరియా కార్డు ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి ఐదు నెలలైంది. పోయిన వారం 24 ఏళ్ల కుర్రాడు చలిజ్వరంతో వచ్చాడు, జ్వరం మొదలై ఒక్కరోజే. ర్యాపిడ్ కార్డు వేశాను. కంట్రోల్ గీత అనే సి గీత ముదురుగా వచ్చింది, ఫాల్సిపేరమ్ రకం మలేరియాకు వచ్చే పీఎఫ్ గీత, వైవాక్స్ రకానికి వచ్చే పీవీ గీత రెండూ రాలేదు. నెగెటివ్ అని రాశాను. రెండు రోజులకి మళ్లీ వచ్చాడు, స్లైడ్ చూస్తే వైవాక్స్, 200 తెల్లకణాలకు 9 పరాన్నజీవులు కనబడ్డాయి. సి గీత వచ్చిందంటే టెస్ట్ సరిగ్గా పనిచేసినట్టే కదా సార్? కిట్ చెడిపోయిందా, నేనేమైనా తప్పు చేశానా?

జవాబు:

సి గీత వచ్చిందంటే టెస్ట్ సరిగ్గా పనిచేసినట్టు కాదండి. ద్రవం పట్టీ మొత్తం నడిచిందని మాత్రమే దానర్థం. నమ్మకం కుదరకపోతే రేపు గడువు దాటిన కార్డు ఒకటి తీసుకుని, రక్తం అసలు వేయకుండా బఫర్ చుక్కలు మాత్రమే వేసి చూడండి. పావుగంటలో సి గీత చక్కగా వస్తుంది. అంటే ఆ కార్డు రక్తమే చూడకుండా కూడా "నెగెటివ్" అని చూపించగలదు. కొత్తగా చేరినవాళ్లందరి చేతా నేను మొదట చేయించేది ఈ పనే, ఎందుకంటే ఒకసారి కళ్లారా చూస్తే ఇక మర్చిపోరు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే పట్టీ లోపల ఏముందో చూడాలి. వాడేసిన కార్డు అయితే రక్తం అంటినది కాబట్టి వద్దు, కొత్తది గడువు దాటినది ఒకటి విప్పండి. రక్తం, బఫర్ వేసే చోట కింద ఒక మెత్తటి దిండు లాంటి ముక్క ఉంటుంది, దాన్ని ఆనుకుని గ్లాస్ ఫైబర్ ముక్క, తర్వాత తెల్లటి నైట్రోసెల్యులోజ్ పొర, చివర్న అద్దుడు కాగితం లాంటి మందపాటి ముక్క. ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి అంచులు కలిసేలా అతికించి ఉంటాయి. దీపం వత్తి నూనెను పైకి పీల్చినట్టే ద్రవం ఒక చివర నుంచి రెండో చివరకు నడుస్తుంది, పంపు లేదు, బ్యాటరీ లేదు.

గ్లాస్ ఫైబర్ ముక్కలో ఎండబెట్టి పెట్టిన బంగారు రేణువులు ఉంటాయి. నిజంగా బంగారమే, కాకపోతే సాధారణంగా 40 నానోమీటర్ల సైజు, అంత చిన్నగా ఉన్నప్పుడు బంగారం పసుపుగా కాక ఎర్రగా కనిపిస్తుంది. మనకు కనబడే గీత రంగు అదే, రక్తం రంగు కాదు. ఒక్కో రేణువు మీద ఎలుక నుంచి తయారుచేసిన యాంటీబాడీలు అంటించి ఉంటాయి, కొన్నిటి మీద ఫాల్సిపేరమ్ విడుదల చేసే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్‌ని పట్టుకునేవి, కొన్నిటి మీద వైవాక్స్ తాలూకు ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ని పట్టుకునేవి. మీరు వేసే బఫర్ ఎర్రకణాలను పగలగొట్టి లోపలి పరాన్నజీవి ప్రోటీన్లను బయటికి తెస్తుంది, ఎండిన రేణువులను కరిగించి కదిలిస్తుంది. ప్రోటీన్ ఉంటే దారిలోనే రేణువుకు అంటుకుంటుంది. పొర మీద పీవీ గీత ఉన్న చోట అదే ప్రోటీన్‌ని ఇంకోవైపు నుంచి పట్టుకునే రెండో యాంటీబాడీ గీసి ఉంటుంది. కింద గీతలోని యాంటీబాడీ, మధ్యలో పరాన్నజీవి ప్రోటీన్, పైన బంగారు రేణువు, మూడూ కలిస్తేనే అక్కడ ఎరుపు నిలుస్తుంది. మధ్యది లేకపోతే రేణువు ఆగడానికి ఆధారమే లేదు, ముందుకు సాగిపోతుంది.

సాగిపోయి ఎక్కడికి వెళ్తుంది? సి గీత దగ్గరకు. అక్కడ గీసి ఉండేది సాధారణంగా ఎలుక యాంటీబాడీని పట్టుకునే మేక యాంటీబాడీ. దానికి మలేరియాతో పని లేదు, రోగి రక్తంతో పని లేదు, ఎలుక యాంటీబాడీ ఉన్న ఏ రేణువు వచ్చినా పట్టేస్తుంది. కాబట్టి సి గీత వచ్చిందంటే మనకు తెలిసేది మూడే సంగతులు: ద్రవం అక్కడిదాకా వచ్చింది, రేణువులు కదిలాయి, వాటి మీద ఎలుక యాంటీబాడీ కనీసం తోక భాగమైనా గుర్తుపట్టేలా మిగిలి ఉంది.

ఆ "తోక భాగం" అన్న మాట దగ్గర కాస్త ఆగండి, మీ ప్రశ్నకు అసలు జవాబు సగం అక్కడే ఉంది. యాంటీబాడీ ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో ఉంటుంది. పైన రెండు కొమ్మలూ మలేరియా ప్రోటీన్‌ని పట్టుకునేవి. సి గీతలోని మేక యాంటీబాడీకి ఆ కొమ్మల కొనలు అక్కర్లేదు, కింద కాండం ఉన్నా చాలు. ఎండకి, తేమకి కొమ్మల కొనలు దెబ్బతిని మలేరియా ప్రోటీన్‌ని పట్టుకోలేని స్థితికి వచ్చినా సి గీత ముదురుగానే వస్తుంది. ఇక పీవీ గీత మీద గీసిన రెండో యాంటీబాడీ సంగతి సరేసరి, అది బతికుందో లేదో సి గీత అసలు పరీక్షించనే పరీక్షించదు. (మనిషి యాంటీబాడీని పట్టుకునేలా కంట్రోల్ గీత పెట్టిన డిజైన్లు వేరే జబ్బుల కార్డుల్లో ఉన్నాయి, వాటిల్లో శాంపిల్ వేయకపోతే గీత రాదు. మనం వాడే మలేరియా కార్డుల్లో మామూలుగా అది ఉండదు.)

మరి సి గీత దేనికంటే, రాకపోతే కార్డు పారేయమని చెప్పడానికి. అది రాకపోతే పీఎఫ్, పీవీ దగ్గర ఏం కనబడినా లెక్కలోకి తీసుకోకూడదు, కొత్త కార్డు వేయాలి. రాకపోవడం కచ్చితంగా చెడ్డ వార్త, రావడం మాత్రం కచ్చితంగా మంచి వార్త కాదు. ఇంకో చిన్న సంగతి, పాజిటివ్ బాగా బలంగా ఉన్నప్పుడు రేణువులు చాలావరకు టెస్ట్ గీత దగ్గరే ఆగిపోయి సి గీత పలుచగా రావచ్చు, అందుకే సి గీత ముదురుగా ఉందా పలుచగా ఉందా అన్నదాన్ని బట్టి కిట్ నాణ్యతను అంచనా వేయకండి.

ఇది నాకు పుస్తకంలో చదివితే బుర్రకెక్కలేదు. చాలా ఏళ్ల కిందట ఒక సెంటర్‌లో పనిచేసేటప్పుడు మే నెలలో కిట్ల పెట్టెలు రేకుల గదిలో పెట్టారు. ఆ గదిలో మధ్యాహ్నం నిలబడలేం. జూన్, జూలైలో జ్వరాలు మొదలయ్యాక స్లైడ్‌లో స్పష్టంగా వైవాక్స్ కనిపిస్తున్నవాళ్లకి కార్డు నెగెటివ్ వస్తోంది. సి గీత ఎప్పట్లాగే ముదురు. మొదట నా చేతి మీదే అనుమానం వచ్చింది. తర్వాత స్లైడ్ పాజిటివ్ వచ్చిన ఒక పేషెంట్ ఈడీటీఏ రక్తాన్నే తీసుకుని రేకుల గది పెట్టెలోని కార్డు ఒకటి, చల్లటి గదిలో ఉన్న కొత్త పెట్టెలోని కార్డు ఒకటి పక్కపక్కన పెట్టి ఒకే పిపెట్‌తో, ఒకేసారి వేశాను. కొత్త కార్డులో పీవీ గీత ఎవరికైనా కనబడేంతగా వచ్చింది. పాతదాంట్లో వెలుతురుకు తిప్పి తిప్పి చూసినా ఏమీ లేదు. సి గీతలు మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి, ఏది ఏ కార్డో చెప్పలేనంత ఒకేలా. ఆ పెట్టెతో నెగెటివ్ చెప్పి పంపిన వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో వెతికి మళ్లీ పిలిపించి స్లైడ్లు తీయడానికి మాకు వారం పైన పట్టింది. ఆ వారం నేను మర్చిపోలేదు.

కాబట్టి మీ కిట్ చెడిపోయిందా అన్న ప్రశ్నకు సి గీతను అడిగితే జవాబు రాదు. తెలిసిన పాజిటివ్ రక్తాన్ని అడగాలి. అది ఎలాగో కింద చెప్తాను. కానీ ముందు ఒక మాట, మీ కుర్రాడి విషయంలో కిట్ మంచిదై ఉండి, మీరు అన్నీ సరిగ్గా చేసి ఉన్నా కూడా ఆ కార్డు నెగెటివ్ వచ్చే అవకాశం బాగా ఉంది. లెక్క వేసి చూద్దాం.

200 తెల్లకణాలకు 9 అన్నారు. తెల్లకణాలు మైక్రోలీటర్‌కు 8000 అని అనుకుని వేసే మామూలు లెక్క ప్రకారం

(9 ÷ 200) × 8000 = 360

అంటే మైక్రోలీటర్ రక్తంలో సుమారు 360 పరాన్నజీవులు. ఇది రెండోసారి వచ్చినప్పటి సంఖ్య. వైవాక్స్ చక్రం 48 గంటలు, మీరు కార్డు వేసింది సరిగ్గా ఒక చక్రం ముందు. ఒక్కో చక్రంలో ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది మనిషిని బట్టి, రోగనిరోధక శక్తిని బట్టి మారుతుంది, లెక్క కోసం ఐదు రెట్లు అనుకుందాం. అప్పుడు మొదటి రోజు మైక్రోలీటర్‌కు 72 ఉండి ఉంటాయి.

ఇప్పుడు కార్డు హద్దు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా కార్డులను బేరీజు వేసేటప్పుడు పరీక్ష పెట్టే స్థాయి మైక్రోలీటర్‌కు 200 పరాన్నజీవులు. ఆ స్థాయి శాంపిళ్లలో కనీసం 75 శాతం పట్టుకుంటే కార్డు గట్టెక్కినట్టు. ఒక శాంపిల్‌ను పట్టుకున్నట్టు లెక్కలోకి రావాలంటే రెండు లాట్ల నుంచి, అంటే రెండు వేర్వేరు తయారీ విడతల నుంచి తీసిన కార్డులన్నీ పాజిటివ్ చూపాలి కాబట్టి అది వినడానికి అనిపించినంత తేలికైన పరీక్ష కాదు, కానీ అసలు సంగతి ఏంటంటే 200 దగ్గరే కార్డు అంచు మీద నడుస్తోంది, 72 దగ్గర దాని నుంచి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేదు. 200 అంటే ఎంతో అనుకోకండి. మైక్రోలీటర్‌లో ఎర్రకణాలు దాదాపు 50 లక్షలు ఉంటాయి, అంటే ప్రతి పాతిక వేల ఎర్రకణాల్లో ఒక్కదానిలో పురుగు ఉన్నట్టు.

కార్డు ఎందుకు ఇంతకంటే కిందికి చూడలేదు? స్లైడ్ మీద మీరు ఒక్క పరాన్నజీవిని కూడా చూడగలరు, అది రంగు వేసుకుని కంటి ముందు ఉంటుంది. కార్డులో మీకు కనబడేది పరాన్నజీవి కాదు, ఒకచోట పోగైన బంగారు రేణువులు. ఒకటీ పదీ కాదు, లక్షల కొద్దీ రేణువులు ఆ సన్నటి గీత మీద చేరితే తప్ప కంటికి గులాబీ రంగు తెలియదు. పైగా ద్రవం ఆగి ఉండదు, నడుస్తూ ఉంటుంది. గీత వెడల్పు మిల్లీమీటర్ కంటే ఎక్కువ ఉండదు, ఒక్కో ప్రోటీన్ దాని మీదుగా దాటేది కొన్ని సెకన్లలోనే, ఆ కాస్త సమయంలో పట్టుబడాలి. పట్టుబడకపోతే చివరి అద్దుడు ముక్కలోకి పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. అందుకే కార్డులు తయారుచేసేవాళ్లు నైట్రోసెల్యులోజ్ పొరను ఎంచుకునేటప్పుడు నాలుగు సెంటీమీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు పడుతుందని చూసుకుంటారు. పొర నెమ్మదిగా పీలిస్తే సున్నితత్వం పెరుగుతుంది, కానీ ఫలితం ఆలస్యమవుతుంది.

ఇంకో లెక్క కూడా చూడండి, మీకు పనికొస్తుంది. కార్డు చూసేది 5 మైక్రోలీటర్ల రక్తం. మీరు 200 తెల్లకణాలు లెక్కపెట్టేటప్పుడు చూసిన రక్తం మైక్రోలీటర్‌లో నలభయ్యో వంతు. అయినా తక్కువ సంఖ్యల దగ్గర స్లైడే గెలుస్తుంది. మందపు పూత మీద వంద ఫీల్డులు చూస్తే సుమారు 0.2 మైక్రోలీటర్ రక్తం చూసినట్టు, 72 స్థాయిలో అందులో సుమారు పద్నాలుగు పరాన్నజీవులు ఉండాలి. రంగు వేసేటప్పుడు కొన్ని కొట్టుకుపోయినా కొన్నైనా కనబడతాయి. అంటే మొదటి రోజే స్లైడ్ కూడా తీసి ఓపిగ్గా వంద ఫీల్డులు చూసి ఉంటే దొరికి ఉండేదని నా అంచనా. మిమ్మల్ని తప్పుబట్టడానికి చెప్పడం లేదు, ఒక్కరోజు జ్వరానికి కార్డు ఒక్కటే వేసి నెగెటివ్ అనేయడం ఎంత ప్రమాదమో చెప్తున్నాను.

ఇప్పుడు చేతి విషయానికి వద్దాం. పై లెక్క మొత్తం 5 మైక్రోలీటర్లు సరిగ్గా పడ్డాయని అనుకుని వేసినది. 200 స్థాయిలో 5 మైక్రోలీటర్లు వేస్తే కార్డులోకి వెయ్యి పరాన్నజీవుల సరుకు వెళ్తుంది. 72 దగ్గర 360. రక్తం తీసే రింగు లాంటి లూప్‌లో పొర నిండకుండా సగమే వచ్చి ఉంటే 180. కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ లూప్‌తో ఇది చాలా మామూలుగా జరుగుతుంది. వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలుచనవుతుంది, లూప్‌ను చుక్కకు తాకించీ తాకించకుండా తీస్తే రింగు మధ్యలో పొర ఏర్పడదు, దిండు మీద ఆనించకుండా అంచున తుడిచేస్తే సగం లూప్‌కే అంటుకుని ఉంటుంది. వేశాక లూప్‌ను ఒకసారి వెలుతురులో చూడండి, రింగులో ఎర్రటి పొర ఇంకా ఉంటే రక్తం పడనట్టే. ఎక్కువ వేస్తే మంచిదని కొందరు రెండు లూపులు వేస్తారు, అదీ తప్పే, పట్టీ నేపథ్యం ఎర్రగానే ఉండిపోతుంది, పలుచటి గీత దానిలో కలిసిపోయి కనబడదు.

బఫర్ చుక్కల సంఖ్య కంపెనీని బట్టి మారుతుంది, ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో నాలుగు, పెట్టె మారినప్పుడల్లా లోపలి కాగితం చూడాల్సిందే. బాటిల్ వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది కాబట్టి నిలువుగా పట్టుకోండి. రక్తం, బఫర్ వేసే రంధ్రాలు వేర్వేరుగా ఉన్న కార్డుల్లో ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వేస్తే రక్తం కదలకుండా బఫర్ మాత్రమే నడుస్తుంది, సి గీత హాయిగా వస్తుంది. ఇలాంటి నెగెటివ్‌లు నేను శిక్షణల్లో చాలా చూశాను. బఫర్ అయిపోయిందని సెలైన్ గానీ నీళ్లు గానీ వేయకండి, అక్కడ భయం వేరే, లేని గీతలు వస్తాయి. వేరే కంపెనీ బఫర్ కూడా వద్దు.

సమయం విషయంలో కాగితంలో రాసిన నిమిషాలు టైమర్ పెట్టుకుని పాటించండి, చాలా కార్డులకు 15 నుంచి 30 నిమిషాల మధ్యలో ఉంటుంది. సి గీత ఐదో నిమిషానికే వచ్చేస్తుంది, అది చూసి నెగెటివ్ అని రాసి తర్వాతి పేషెంట్‌ని పిలిచేస్తారు. తక్కువ పరాన్నజీవులున్నవాడి గీత చివరి నిమిషాల్లో నెమ్మదిగా తేలుతుంది. అలాగని గంట తర్వాత చూసినా కుదరదు, ఆరిపోయాక ద్రవం వెనక్కి వచ్చి ఉత్తుత్తి గీతలు కనబడతాయి. చెప్పిన సమయంలో కనబడిన గీత ఎంత పలుచగా ఉన్నా పాజిటివే, దాన్ని "అనుమానం" అని రాయకండి.

వైవాక్స్ విషయంలో ఇంకో రెండు సంగతులు తోడవుతాయి. వైవాక్స్ ప్రధానంగా కొత్తగా పుట్టిన ఎర్రకణాల్లోకే దూరుతుంది, అవి రక్తంలో కొద్ది శాతమే, అందుకని దాని సంఖ్య ఫాల్సిపేరమ్ అంత పైకి ఎప్పుడూ వెళ్లదు. అయినా తక్కువ సంఖ్యలోనే చలి, జ్వరం గట్టిగా తెప్పిస్తుంది. మనిషి మంచం పట్టేసరికి కార్డు హద్దు దాటి ఉండకపోవచ్చు. రెండోది మాత్రలు. మీ కుర్రాడిని అడిగారా, వచ్చేముందు ఎక్కడైనా క్లోరోక్విన్ గానీ ఇంకేదైనా గానీ వేసుకున్నాడా అని? పీవీ గీత పట్టుకునే ఎల్‌డీహెచ్ బతికున్న పరాన్నజీవి చేసుకునే ఎంజైమ్. మందు పడి పరాన్నజీవులు చచ్చే కొద్దీ అదీ త్వరగా తగ్గిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన రెండు మాత్రలు వేసుకుని వచ్చినవాడికి కార్డు నెగెటివ్ వచ్చి, సగం వైద్యంతో ఆగిపోయిన పరాన్నజీవులు మళ్లీ పెరిగి నాలుగైదు రోజుల్లో జ్వరం తిరగబెట్టడం మన వైపు కొత్త కాదు. "మందులు వాడారా" అని అడిగితే లేదంటారు, "చలి వచ్చినప్పుడు ఏ మాత్ర వేసుకున్నారు" అని అడగండి, అప్పుడు చెప్తారు.

పీఎఫ్ గీత దీనికి పూర్తిగా వ్యతిరేకం. హెచ్‌ఆర్‌పీ-2 పరాన్నజీవులు చచ్చినా రక్తంలో వారాల తరబడి ఉంటుంది, కాబట్టి పోయిన నెల వైద్యం చేయించుకున్నవాడికి ఇప్పుడు వైరల్ జ్వరం వచ్చినా పీఎఫ్ గీత రావచ్చు. వైద్యం పనిచేసిందా లేదా అని ఆ కార్డుతో చూడకూడదు, స్లైడే చూడాలి.

ఫాల్సిపేరమ్‌లో నెగెటివ్ తప్పులు వచ్చే దారులు వేరే రెండున్నాయి, తెలిసి ఉండటం మంచిది. ఒకటి, ప్రోటీన్ మరీ ఎక్కువైపోవడం. వినడానికి వింతగా ఉంటుంది, కానీ పైన చెప్పిన యాంటీబాడీ, ప్రోటీన్, రేణువుల శాండ్‌విచ్‌ని గుర్తు చేసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. రక్తంలో హెచ్‌ఆర్‌పీ-2 విపరీతంగా ఉంటే బంగారు రేణువుల మీది చోటంతా కొన్ని ప్రోటీన్లు, గీత మీది చోటంతా ఇంకొన్ని ప్రోటీన్లు విడివిడిగా ఆక్రమించేస్తాయి. రెండువైపులా నిండిపోయాక రేణువును గీతకు కట్టేవాళ్లు మిగలరు. గీత పలుచబడుతుంది, ఒక్కోసారి రాదు. రోగి చూస్తే మగతగా, పచ్చకామెర్లతో ప్రాణం మీదికి వచ్చి ఉంటాడు, కార్డు పలుచగా ఏదో చూపిస్తుంది. అలాంటప్పుడు వెంటనే స్లైడ్ చూడండి, స్లైడ్ రంగు వేసేలోపు రక్తాన్ని సెలైన్‌లో పది రెట్లు పలుచన చేసి అందులోంచి 5 మైక్రోలీటర్లు కొత్త కార్డు మీద, కిట్ బఫర్‌తోనే వేయండి. పలుచన చేశాక గీత ముదిరితే కారణం అదే. ఇది ఎల్‌డీహెచ్ గీతల్లో సాధారణంగా కనిపించదు, హెచ్‌ఆర్‌పీ-2 దగ్గరే.

రెండోది, పరాన్నజీవి ఆ ప్రోటీన్‌నే చేయకపోవడం. ఆ జన్యువే లేని ఫాల్సిపేరమ్‌ను మొదట పెరూలో గుర్తించి 2010లో ప్రచురించారు. తర్వాత ఎరిత్రియాలో ఇది ఎంత ఎక్కువైందంటే వాళ్లు హెచ్‌ఆర్‌పీ-2 మీదే ఆధారపడే కార్డులు మానేయాల్సి వచ్చింది. మన దేశంలోనూ కొద్ది మోతాదులో నమోదైంది. గుర్తు ఏంటంటే, స్లైడ్‌లో ఫాల్సిపేరమ్ బోలెడు ఉంటుంది, మంచి కార్డు రెండుసార్లు వేసినా, పలుచన చేసి వేసినా పీఎఫ్ గీత రాదు. అలాంటిది కనబడితే ఆ స్లైడ్, వడపోత కాగితం మీద రెండు ఎండిన రక్తపు చుక్కలు భద్రం చేసి జిల్లా మలేరియా అధికారికి చెప్పండి. మీకు వచ్చింది వైవాక్స్ కాబట్టి మీ కేసులో ఈ రెండూ పక్కన పెట్టేయొచ్చు.

ఇక మీరు చేయాల్సింది. ఆ కుర్రాడి రెండో రోజు రక్తం ఈడీటీఏ ట్యూబులో ఇంకా ఉండే అవకాశం లేదు కాబట్టి, తర్వాత వచ్చే స్లైడ్ పాజిటివ్ వైవాక్స్ పేషెంట్ దగ్గర అనుమతి అడిగి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసుకోండి, మందు మొదలుపెట్టక ముందు. లెక్కపెట్టండి. ఉదాహరణకు 2000 వచ్చిందనుకోండి, జ్వరం లేని, కార్డులోనూ స్లైడ్‌లోనూ నెగెటివ్ వచ్చిన మనిషి రక్తంతో, అదే గ్రూపుదైతే మేలు, పది రెట్లు పలుచన చేస్తే 200 అవుతుంది. ఇప్పుడు అప్పుడు వాడిన లాట్ నుంచి రెండు కార్డులు, వేరే లాట్ నుంచి రెండు కార్డులు తీసుకుని ఒకటి 2000తో, ఒకటి 200తో అదే రోజు వేయండి. లూప్‌తో కాదు, మైక్రోపిపెట్‌తో 5 మైక్రోలీటర్లు కొలిచి. రెండు లాట్లలోనూ 2000 స్పష్టంగా, 200 పలుచగానైనా వస్తే మీ కిట్ బాగానే ఉంది, కుర్రాడిది తక్కువ సంఖ్య కేసు. మీ లాట్‌లో 2000 వచ్చి 200 రాక, వేరే లాట్‌లో రెండూ వస్తే మీ పెట్టె ఎక్కడో ఎండ తిన్నది. 2000 కూడా రాకపోతే ఆ లాట్ ఆ నిమిషం నుంచే ఆపేసి, లాట్ నంబర్‌తో సహా పైకి రాయండి. ఆ తర్వాత అదే 2000 రక్తాన్ని మీ లూప్‌తో ఒక కార్డు, పిపెట్‌తో ఒక కార్డు వేసి రెండు గీతలూ పోల్చండి, అప్పుడు మీ చేతి సంగతీ తేలిపోతుంది.

పెట్టెల విషయంలో, గదిలో ఒక థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం రెండింటికి ఎంతుందో రోజూ రాయండి, పెట్టె మీద రాసిన గరిష్ఠ ఉష్ణోగ్రతతో పోల్చండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. పౌచ్ చింపాక లోపలి చిన్న సిలికా జెల్ పొట్లం చూడండి, రంగు మారే రకమైతే, మారి ఉంటే ఆ కార్డు వాడొద్దు. చింపిన కార్డును తర్వాత వాడదామని టేబుల్ మీద ఉంచకండి, వానాకాలం తేమ పట్టీ లోపలికి వెళ్లడానికి ఎక్కువసేపు పట్టదు. ఆశా కార్యకర్తలకి కార్డులు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ వారానికి సరిపడా మాత్రమే ఇవ్వండి, ఇంట్లో పొయ్యి పక్క గూట్లో నెలల తరబడి ఉంటున్నాయేమో అడిగి చూడండి.

ఇకనుంచి చలిజ్వరంతో వచ్చినవాళ్లకి కార్డు వేసేటప్పుడే అదే వేలి నుంచి మందపు పూత, పలుచటి పూత రెండూ తీసి పెట్టండి. కార్డు నెగెటివ్ వస్తే రిజిస్టర్‌లో జ్వరం ఎన్నో రోజు, మాత్రలు వేసుకున్నాడా, లాట్ నంబర్, ఈ మూడూ పక్కన రాయండి. జ్వరం తగ్గకపోతే 24 నుంచి 48 గంటల్లో మళ్లీ రమ్మని చెప్పండి, మళ్లీ చలి వస్తే ఆలోపే రమ్మనండి. మీ కుర్రాడు రెండు రోజులకి తిరిగొచ్చాడు కాబట్టి దొరికాడు. అదే వారం మీరు వేసిన మిగతా నెగెటివ్‌లు ఎన్ని ఉన్నాయో చూసి, ఒకటి రెండు రోజుల జ్వరానికే కార్డు వేసినవాళ్లని ఏఎన్‌ఎం ద్వారా కబురు పెట్టి స్లైడ్లు తీయించండి. ఫలితాలు వచ్చాక, లాట్ల పరీక్షలో ఏం తేలిందో కూడా ఇక్కడే రాయండి, గీతల ఫొటోలు పెడితే చూసి చెప్తాను.